చీకటంటే భయపడే ఐదేళ్ళ బాబుకి పడుకునే ముందు ఏ మాటలు చెప్పించాలి?

సుధ_ఎంవీపీకాలనీ
మా బాబుకి ఐదు నిండాయి. పాప పుట్టాక వాణ్ణి పక్క గదిలో మా అత్తయ్యగారి దగ్గర పడుకోబెడుతున్నాం. ఆవిడ ఎనిమిదిన్నరకల్లా లైటు తీసేసి గుర్రు పెట్టేస్తారు. వీడు పది దాకా కళ్ళు తెరుచుకునే ఉంటాడు. తర్వాత దిండు చంకలో పెట్టుకుని నా తలుపు దగ్గరకొచ్చి నిలబడతాడు. "బీరువా పక్కన ఎవరో ఉన్నారమ్మా" అంటాడు.

పడుకునే ముందు మంచి మాటలు మెల్లగా చెప్పిస్తే భయం తగ్గుతుందని ఎక్కడో చదివి, ఫోన్లో కనబడినవి తెలుగులోకి మార్చుకుని చెప్పిస్తున్నాను. "నాకు భయం లేదు. చీకట్లో దయ్యాలు లేవు. ఏ చెడ్డవాడూ రాడు." ఇలా. నిన్న చెబుతుండగానే లేచి కూర్చుని, "చెడ్డవాడు ఎటునుంచి వస్తాడమ్మా, బాల్కనీలోంచా?" అన్నాడు. అంతవరకూ వాడి లిస్టులో చెడ్డవాడు లేనే లేడు!

లాలిపాటలా ఊగుతూ సాగే మాటలు కావాలి. మీ పిల్లలకి ఏం చెప్పించారో పెట్టండి.

గాజువాక_గుంటడు
మీరే దొంగని పరిచయం చేసి, పైగా దారి కూడా చూపించారన్నమాట 😄

సీతమ్మధార_తాత
ఈ కాలం వాళ్ళకి అన్నీ కొత్తగా కావాలి. మాకు ఉరుము ఉరిమితే "అర్జునా ఫల్గుణా" అనేవాళ్ళం, చీకటి పడితే ఆంజనేయస్వామిని తలుచుకునేవాళ్ళం. పని అయిపోయేది. బాబుకి అదే నేర్పండమ్మా.

ఉక్కునగరం_ఉష
అసలు ఐదేళ్ళ పిల్లాణ్ణి వేరే గదిలో ఎందుకు పడుకోబెట్టాలి? మన ఇళ్ళల్లో ఈ పద్ధతి ఎప్పుడుంది? హుద్‌హుద్ అప్పుడు (2014) మాకు రోజుల తరబడి కరెంటు లేదు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. కొవ్వొత్తి వెలుతురులో మా ఇద్దరి మధ్యా పడుకుని హాయిగా నిద్రపోయింది. దగ్గర పడుకోబెట్టుకోండి, ఏ మాటలూ అక్కర్లేదు.

సుధ_ఎంవీపీకాలనీ
ఉషగారూ, పాపకి మూడు నెలలు. రాత్రంతా లేస్తుంది, దానితోపాటు వాడూ లేస్తాడు. పొద్దున్న స్కూల్ ఆటోలో తూగుతున్నాడు. అయినా వాడు ఒంటరిగా లేడండీ, నానమ్మ పక్కనే ఉంది. ఆవిడ నిద్రపోయాకే వాడికి భయం మొదలవుతుంది.

లలిత_బాలమిత్ర
పిల్లల క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేస్తాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

సుధగారూ, మెల్లగా మాటలు చెప్పించాలన్న మీ ఆలోచన సరైనదే. ఆ మాటలు దేని గురించి ఉన్నాయన్న దగ్గర తేడా కొట్టింది. దీని మీద 1975లో అమెరికాలో కాన్‌ఫర్, కరోలీ, న్యూమన్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. చీకటంటే భయపడే ఐదారేళ్ళ పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి "నేను ధైర్యమైన పిల్లాణ్ణి, చీకట్లో నన్ను నేను చూసుకోగలను" అనే తరహా మాటలు నేర్పారు. రెండో గుంపుకి చీకటి సరదాగా ఉంటుందనే మాటలు. మూడో గుంపుకి చీకటితో సంబంధం లేని పిల్లల పద్యం. తర్వాత ఎవరు ఎంతసేపు చీకటి గదిలో ఉండగలుగుతారో చూశారు. తమ గురించి, తాము చేయగలిగిన దాని గురించి చెప్పుకున్న మొదటి గుంపే ఎక్కువసేపు ఉంది.

మీ వాక్యాలు మూడూ చూడండి. ఒకటి భయం గురించి, ఒకటి దయ్యం గురించి, ఒకటి చెడ్డవాడి గురించి. బాబు గురించి ఒక్కటీ లేదు. "దయ్యాలు లేవు" అనాలంటే ముందు దయ్యాన్ని తలుచుకోవాలి కదా. ఆ వయసులో తలుచుకుంటే కళ్ళముందుకి వచ్చేస్తుంది.

వాడు నిజంగా చేయగలిగిన పనులే మాటలుగా కట్టండి. నిజం కానిది ఒక్కటి ఉన్నా వాడు పట్టేస్తాడు, దాంతో మిగతావి కూడా చెల్లవు.

నిద్రలేని_నాన్న
మాకు స్ప్రే పనిచేసింది. నీళ్ళసీసాలో రెండు చుక్కలు రోజ్ వాటర్ వేసి "దయ్యాల మందు" అని చెప్పి మంచం కింద కొట్టేవాణ్ణి. వారంలో సెట్ అయింది. ఇన్ని ప్రయోగాలు అక్కర్లేదు.

లలిత_బాలమిత్ర
కొందరికి పనిచేస్తుందండీ, కాదనను. కానీ మందు కొడుతున్నారంటే అక్కడ ఏదో ఉందని నాన్నే ఒప్పుకున్నట్టు. సీసా అయిపోయిన రాత్రి పరిస్థితి ఏంటి?

నిద్రలేని_నాన్న
సీసాలో నీళ్ళు అయిపోతే కుళాయి ఉందిగా మేడమ్. మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, దయ్యాలూ లేవు, స్ప్రే కూడా లేదు. పుస్తకంలో ఒకటుంటుంది, ఇంట్లో ఒకటుంటుంది.

రైలు_రమణ
మా పాపది కూడా ఇదే సమస్య. నాలుగున్నరేళ్ళు. తొమ్మిదికి పడుకుంటుంది, పదిన్నర ప్రాంతంలో ఒక్కసారిగా లేచి కెవ్వున అరుస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ మమ్మల్ని గుర్తుపట్టదు, ఎత్తుకుంటే తోసేస్తుంది. పది నిమిషాలకి మళ్ళీ నిద్రలోకి జారిపోతుంది. పొద్దున్న అడిగితే ఏమీ గుర్తుండదు. మేము కూడా ధైర్యం మాటలు మొదలుపెట్టాం కానీ ఏమీ తేడా లేదు.

లలిత_బాలమిత్ర
రమణగారూ, మీరు చెప్పేది చీకటి భయంలా లేదు. సుధగారి బాబు మెలకువలో భయపడుతున్నాడు. మీ పాప అరుస్తున్నప్పుడు నిద్రలోనే ఉంటోంది. గాఢనిద్రలోంచి సగం మాత్రమే బయటికి వచ్చినప్పుడు ఇలా అవుతుంది. అందుకే నిద్రపట్టిన మొదటి రెండు మూడు గంటల్లోనే వస్తుంది, పొద్దున్నకి గుర్తుండదు. పడుకునే ముందు చెప్పిన మాటలు అప్పుడు చెవికెక్కవు. లేపడానికి గట్టిగా కుదపకండి. మంచం మీద నుంచి పడకుండా చూసుకుంటూ పక్కన ఉండండి చాలు. నిద్ర తక్కువైన రోజుల్లో ఇది పెరుగుతుంది, కాబట్టి కాస్త ముందుగా పడుకోబెట్టి చూడండి. తరచుగా వస్తున్నా, నిద్రలో నోరు తెరిచి గురక పెడుతున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

రైలు_రమణ
గురక ఉందండీ. చలికాలం జలుబు అనుకున్నాం. చూపిస్తాను.

వీణ_టీచర్
సుధ, లాలిపాటలా ఊగాలన్నావు కదా. నడక గురించి నేను చెబుతాను. ఉయ్యాల ఊపేటప్పుడు చెయ్యి సహజంగా తకిట తకిట అని మూడు మూడుగా నడుస్తుంది. ఒక్కో మాటా మూడు మాత్రలకి సరిపోయేలా చూసుకుంటే రాగం లేకపోయినా ఊగుతుంది. "చెయ్యి" అంటే మూడు, "నాది" అంటే మూడు. చివరి మాట దీర్ఘంతో ముగించు. దీర్ఘం సాగదీస్తే ఊపిరి దానంతట అదే నెమ్మదిగా బయటికి వస్తుంది. లలితగారు చెప్పినట్టు వాడి గురించే కట్టాను:

చెయ్యి నాది, కాలు నాది
దిండు నాది, గదీ నాది
చీకటైన నేను నేనె
లేచి లైటు వేయగలను
ఉఫ్ఫుమంటు ఊపిరొదిలి
నేను నిద్రపోగలనూ

"చెయ్యి" అన్నప్పుడు చెయ్యి, "కాలు" అన్నప్పుడు కాలు మెల్లగా ఒత్తి వదలమను. "ఉఫ్ఫు" దగ్గర నిజంగానే ఊదమను.

సీతమ్మధార_తాత
బాగుందమ్మా. ఛందస్సు కుదిరింది. స్వామి పేరు ఒక్కటి కూడా పెడితే ఇంకా బాగుండేది.

గాజువాక_గుంటడు
లైటు వేయగలను అన్నారు, మన ఇళ్ళల్లో స్విచ్‌బోర్డు ఎక్కడుంటుందో చూశారేటి? పెద్దోళ్ళ ఛాతీ ఎత్తులో ఉంటది. ఐదేళ్ళ గుంటడు కుర్చీ ఎక్కితే గాని అందదు. చీకట్లో కుర్చీ ఎక్కి పడ్డాడంటే మాటలు మానేసి కట్లు కట్టించుకోవాలి.

లలిత_బాలమిత్ర
గుంటడుగారు సరిగ్గా పట్టుకున్నారు. నిజం కానివి వద్దన్నది ఇందుకే. అందని స్విచ్‌కి బదులు దిండు పక్కన చిన్న టార్చి పెట్టండి, పసుపు వెలుతురుది, తక్కువ కాంతిది. తెల్లగా కళ్ళల్లో కొట్టేది వద్దు, ఫోన్ టార్చి అసలే వద్దు. గట్టి తెల్లని వెలుతురు పడితే వచ్చే నిద్ర వెనక్కి పోతుంది, పెద్దవాళ్ళకంటే పిల్లలకి ఇంకా ఎక్కువ.

వీణ_టీచర్
అయితే "టార్చి నేను వేయగలను". లెక్క చెడదు.

ఉక్కునగరం_ఉష
టార్చి చేతికిస్తే రాత్రంతా గోడ మీద కుక్కబొమ్మలు వేసుకుంటూ కూర్చుంటాడు. మా చెల్లెలి కొడుకు అదే చేశాడు.

నిద్రలేని_నాన్న
కుక్కబొమ్మలు వేస్తున్నాడంటే భయం పోయినట్టే కదండీ 😄

లలిత_బాలమిత్ర
మొదటి నాలుగైదు రోజులు ఆడుకుంటారు. వెలుతురు తన చేతిలో ఉందని నమ్మకం కుదిరాక వాడకం తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు చూద్దాం.

సుధగారూ, రెండు విషయాలు అడగాలి. బాబు మధ్యాహ్నం పడుకుంటాడా? అన్నం తినకపోతే ఇంట్లో ఎవరైనా "బూచోడు వస్తాడు" అంటారా?

సుధ_ఎంవీపీకాలనీ
అయ్యో. రెండూ ఉన్నాయి.

మూడున్నరకి స్కూల్ నుంచి వచ్చి ఐదున్నర దాకా పడుకుంటాడు. ఇక బూచోడు మా అత్తయ్యగారి స్పెషల్. రాత్రి చివరి నాలుగు ముద్దలు బూచోడి పేరు మీదే దిగుతాయి. బూచోడి అడ్రసు కూడా ఉంది, బీరువా వెనక! ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఆయన చెప్పాలి. ఆయనకి నాకంటే తక్కువ.

గాజువాక_గుంటడు
ముందు మీ ఆయనకి రాయించండి టీచర్‌గారిచేత. "అమ్మతోటి చెప్పగలనూ."

వీణ_టీచర్
అమ్మ 3, తోటి 3, చెప్ప 3, గలనూ అంటే 4. "గలను" అని ఆపితే సరిపోతుంది 😂

లలిత_బాలమిత్ర
పోట్లాట అక్కర్లేదు. "బూచోణ్ణి మానెయ్యండి" అనేకంటే ఆవిడకే ఒక పని అప్పజెప్పండి. రాత్రి టార్చి తెచ్చి దిండు పక్కన పెట్టేది నానమ్మ, మొదటి వరస వాడితో కలిపి అనేది నానమ్మ. ధైర్యం చెప్పే మనిషి అన్నం దగ్గర భయపెట్టలేదు, నాలిక్కి తట్టుకుంటుంది.

నిద్ర సంగతి ఇంకా ముఖ్యం. సాయంత్రం ఐదున్నర దాకా పడుకున్న పిల్లాడికి ఎనిమిదిన్నరకి నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? గంటన్నరసేపు చీకట్లో ఊరికే పడుకుని ఉంటే ఏ పిల్లాడైనా బీరువా పక్కన ఏదో ఒకటి చూస్తాడు. స్కూల్ నుంచి రాగానే ముప్పావుగంట చాలు, నాలుగుంబావుకి లేపెయ్యండి. ఈ ఒక్కటి మార్చకుండా ఎంత మంచి పాట కట్టినా గంటన్నర మోయలేదు.

చెప్పించే పద్ధతి కూడా చెబుతాను. ముందు పగలు నేర్పండి, ఆటలాగా. కర్టెన్లు వేసి, తలుపు దగ్గరగా వేసి, ఇద్దరూ మంచం మీద కూర్చుని ఒకసారి అనండి, వెంటనే తలుపు తీసేయండి. మర్నాడు రెండుసార్లు. నోటికొచ్చాక రాత్రి మొదలుపెట్టండి. మొదటిసారి ఇద్దరూ మామూలు గొంతుతో, తర్వాత గుసగుసగా, తర్వాత వాడొక్కడే పెదాలు కదుపుతూ, చివరికి మనసులో. గొంతు తగ్గేకొద్దీ వేగం కూడా తగ్గాలి. మీరే పాడుతూ నిద్రపుచ్చేస్తే రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు మళ్ళీ మీరే కావాలంటాడు. మాట వాడి నోట్లో ఉంటేనే రెండింటికి కూడా పనికొస్తుంది.

సీతమ్మధార_తాత
అంతా బాగానే ఉంది కానీ అమ్మా, నీ అమెరికా ప్రయోగం ల్యాబులో జరిగింది. ఇంట్లో రాత్రి వేరు.

లలిత_బాలమిత్ర
నిజమేనండీ తాతగారూ. అందులో చూసింది ఆ కాసేపే, ఇంట్లో నెలల తరబడి ఏమైందన్నది కాదు. ఇంట్లో చేయించి చూసినవి తర్వాత వచ్చాయి. 1980లో గ్రాజియానో, మూనీ అనేవాళ్ళు రాత్రి భయం బాగా ఎక్కువున్న పిల్లల చేత రోజూ రాత్రి చేయించారు. వాళ్ళు ఆరేళ్ళు దాటినవాళ్ళు. అక్కడ మాటలొక్కటే కాదు, ఒళ్ళు వదులు చేసుకోవడం, ఇష్టమైన చోటు తలుచుకోవడం, చిన్న బహుమతులు కూడా కలిపారు. ఫలితం బాగుంది. కానీ అందులో మాటల వాటా ఎంతన్నది విడదీసి చెప్పలేం. అందుకే చెయ్యి ఒత్తి వదలడం, ఊదడం కలిపిన టీచర్‌గారి పద్ధతి నాకు నచ్చింది.

మీ స్వామి పేరు గురించి కూడా. బాబుకి ఆ కథ తెలిసి, ఇష్టమైతే తప్పకుండా అనొచ్చు. అర్థం తెలియని శ్లోకం భయంతో గబగబా అంటే మాత్రం గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది.

సీతమ్మధార_తాత
మేము గబగబానే అనేవాళ్ళం. అది నిజమే.

సుధ_ఎంవీపీకాలనీ
అప్‌డేట్. పగలు నేర్పాను. రెండో లైనుకే గొడవ. "గది నాది కాదు, నానమ్మది" అన్నాడు. ఎంత చెప్పినా వినడు. "బొమ్మ నాది" అని మార్చాం. బొమ్మంటే వాడి చెవి తెగిన ఏనుగు. "నేను నేనె" వాడికి బాగా నచ్చింది, స్నానం చేస్తూ కూడా అదే.

మధ్యాహ్నం లేపడం మాత్రం యుద్ధం. నాలుగుంబావుకి లేపితే ఐదు దాకా ఏడుపు.

ఉక్కునగరం_ఉష
లేపగానే బయటికి తీసుకెళ్ళండి. దగ్గర్లో పార్కుంటే సరే, లేకపోతే మెట్ల మీదైనా. ఇంట్లో కూర్చుంటే ఏడుపే.

సుధ_ఎంవీపీకాలనీ
ఇంకో అప్‌డేట్, పది రోజులు దాటాక. ఉషగారి చిట్కా పనిచేసింది. పడుకునే టైము తొమ్మిదికి మార్చాం. ఇప్పుడు వరస నాలుగైదుసార్లు తిరిగేసరికి మాట ముద్దముద్దగా అవుతుంది, "ఉఫ్ఫు" దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో రెండు రాత్రులు మళ్ళీ నా తలుపు దగ్గరకొచ్చాడు. నా మంచం మీదకి ఎక్కించుకోకుండా వెనక్కి తీసుకెళ్ళి, ఒకసారి కలిసి అని వచ్చేశాను.

అత్తయ్యగారికి టార్చి పని బాగా నచ్చింది. బూచోడు పూర్తిగా పోలేదు కానీ బీరువా వెనక నుంచి మేడ మీద వాటర్ ట్యాంకు దగ్గరకి మకాం మార్చాడు.

లలిత_బాలమిత్ర
తలుపు దగ్గరకి వచ్చినప్పుడు మీరు చేసింది సరైన పనే. ఒళ్ళు బాగోలేనప్పుడు, ఊరెళ్ళొచ్చినప్పుడు మళ్ళీ వెనక్కి వస్తుంది, పగటి ఆట నుంచి మొదలుపెట్టండి. భయంతో బడికి వెళ్ళనంటున్నా, పగలు కూడా గది దాటనంటున్నా, నెలలు గడిచినా తగ్గకపోయినా అప్పుడు ఎవరికైనా చూపించాలి. ట్యాంకు దగ్గర బూచోడి సంగతి మీ ఆయనకి వదిలేస్తున్నాను.

ఉక్కునగరం_ఉష
నాకైతే ఇప్పటికీ పక్కన పడుకోబెట్టుకోవడమే సులువనిపిస్తుంది. పాప కాస్త పెద్దయ్యాక వాణ్ణి వెనక్కి తెచ్చుకోండి.

సుధ_ఎంవీపీకాలనీ
అది నాకూ ఉంది ఉషగారూ. అప్పటికి వాడు వస్తాడో రాడో మరి.

పెందుర్తి_పద్మ
ఇప్పుడే చదివాను. మా బాబుకి మూడేళ్ళు, ఇన్ని లైన్లు రావు. ఏం చేయాలి? ఇంకోటి, మాకు రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే ఆ నిశ్శబ్దానికే లేచి ఏడుస్తాడు.

వీణ_టీచర్
మూడేళ్ళకి ఒక్క లైను చాలు. "చెయ్యి నాది, కాలు నాది." చివర "ఉఫ్ఫు". అంతే.

గాజువాక_గుంటడు
ఫ్యానుకి మాత్రం పాట లేదండి. ఛార్జింగ్ ఫ్యాను కొనీండి, మంచానికి దూరంగా పెట్టి కరెంటున్నప్పుడు కూడా తిరగనీండి. ఆ సౌండు అలవాటైపోద్ది, పెద్ద ఫ్యాను ఆగినా తెలీదు.

పెందుర్తి_పద్మ
దాని ఛార్జింగ్ ఎన్ని గంటలు వస్తుంది?

గాజువాక_గుంటడు
స్పీడు తగ్గించి పెడితే రాత్రి గడిచిపోద్ది. మాది రెండో నంబరు మీద తెల్లారి నాలుగు దాకా వస్తది. అప్పటికి కరెంటు రాకపోతే మనమే లేస్తాం.